ఫ్రెషర్ రెజ్యూమేలో క్రియాపదాలు: ‘మేనేజ్డ్’, ‘హ్యాండిల్డ్’ స్థానంలో ఏం రాయాలి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసే ఫ్రెషర్ రెజ్యూమేలో ప్రాజెక్టు పేరు కింద రెండు మూడు చిన్న వాక్యాలు ఉంటాయి. వాటిని బుల్లెట్ పాయింట్లు అంటారు. ఇంగ్లిష్ రెజ్యూమేలో ఈ వాక్యాలకు కర్త ఉండదు, భూతకాల క్రియతోనే మొదలవుతాయి. కాబట్టి చదివేవారి కంట మొదట పడేది క్రియాపదమే. ఆ స్థానంలో ఎక్కువగా కనిపించే మాటలు రెండు: మేనేజ్డ్, హ్యాండిల్డ్. ఈ రెండింటినీ తీసేయమని చాలామంది ప్లేస్‌మెంట్ శిక్షకులు చెబుతారు. ఎందుకు తీయాలో, వాటి బదులు ఏం పెట్టాలో మాత్రం వివరంగా చెప్పేవారు తక్కువ. ఈ రెండు మాటల లోపం ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. ఒకటి చేయని పనిని చేసినట్టు చెబుతుంది, రెండోది చేసిన పనిని కూడా దాచేస్తుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్ అంటే చేతికింద మనుషులు ఉన్నవాడు. ఎవరికి ఏ పని ఇవ్వాలో, గడువు ఎప్పుడో, అప్రైజల్‌లో ఎవరికి ఎంత రేటింగో, ఖర్చు ఎంతవరకో చూసేవాడు. బీటెక్ నాలుగో సంవత్సరంలో నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో వీటిలో ఏ అధికారమూ ఎవరికీ ఉండదు. అందుకే ‘మేనేజ్డ్ బ్యాకెండ్’ అన్న వాక్యం చూసిన ఇంటర్వ్యూయర్ దాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. అభ్యర్థి గొప్పలు పోతున్నాడని అనుకోవచ్చు, లేదా కోడ్ రాసింది ఇంకెవరో, ఇతను పక్కన ఉన్నాడని అనుకోవచ్చు. రెండో అర్థమే ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే ఫ్రెషర్‌ను తీసుకునేది కోడ్ రాయడానికే. ‘హ్యాండిల్డ్ డేటాబేస్’ సంగతి వేరు. అందులో అతిశయోక్తి లేదు, అసలు సమాచారమే లేదు. టేబుళ్లు రూపొందించారా, క్వెరీలు రాశారా, బ్యాకప్ తీశారా, లేక ఇంకొకరు రాసిన స్క్రిప్టును రన్ చేశారా? ఈ నాలుగు పనులకూ ఆ మాట సరిపోతుంది కాబట్టి ఏ ఒక్కదాన్నీ చెప్పదు. బ్యాచ్‌లో పని పంచుకునేటప్పుడు ‘బ్యాకెండ్ నేను చూసుకుంటా, డేటాబేస్ నువ్వు చూసుకో’ అనుకుంటారు. ఆ నలుగురి మధ్య ఆ మాట చాలు. మిగతా సంగతులు అందరికీ తెలుసు. రెజ్యూమే చదివేవారికి అవేవీ తెలియవు.

దీనికి చాలాకాలంగా చలామణిలో ఉన్న పరిష్కారం యాక్షన్ వెర్బ్‌ల జాబితా. అమెరికా విశ్వవిద్యాలయాల కెరీర్ కార్యాలయాలు ఇలాంటి జాబితాలు ప్రచురిస్తాయి. హార్వర్డ్ జాబితాలో నాయకత్వం, పరిశోధన, సాంకేతికం వంటి విభాగాల కింద క్రియలు వరసగా ఉంటాయి. జాబితాలో తప్పు లేదు, దాన్ని వాడే తీరులోనే ఉంది. మేనేజ్డ్ కొట్టేసి స్పియర్‌హెడెడ్ అనీ, హ్యాండిల్డ్ కొట్టేసి ఆర్కెస్ట్రేటెడ్ అనీ రాస్తే వాక్యానికి కొత్త సమాచారం చేరదు, ఉన్న లోపం ఇంకా పెద్దదవుతుంది. ‘స్పియర్‌హెడెడ్ బ్యాకెండ్’ అంటే కూడా ఏం చేశారో తెలియదు. పైగా ఆర్కెస్ట్రేషన్‌కు సాఫ్ట్‌వేర్‌లో సొంత అర్థం ఉంది. కుబెర్నెటిస్ వంటి వ్యవస్థ అనేక కంటెయినర్లను నడిపించడాన్ని అలా అంటారు. లాగిన్ పేజీ గురించి ఆ మాట వాడిన ఫ్రెషర్‌కు కుబెర్నెటిస్ మీద ప్రశ్న వస్తే తప్పు అడిగినవారిది కాదు. మంచి క్రియ పర్యాయపదాల పట్టికలో దొరకదు. ప్రాజెక్టులో ఏ వస్తువు మారింది, ఆ మార్పు ఏ రకమైనది అన్న ప్రశ్నకు జవాబుగా దొరుకుతుంది. వస్తువు అంటే టేబుల్, క్వెరీ, ఏపీఐ, టెస్ట్, సర్వర్. ఒక్కొక్క దానికి ఇంజినీర్లు రోజూ వాడే క్రియలు ఇప్పటికే ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కాలేజీ హాస్టల్‌కు అవుట్‌పాస్ వెబ్‌సైట్. విద్యార్థి ఊరెళ్లడానికి అభ్యర్థన పెడతాడు, వార్డెన్ ఆమోదిస్తాడు లేదా తిరస్కరిస్తాడు, గేటు దగ్గర సెక్యూరిటీ దాన్ని చూసి పంపిస్తాడు. స్ప్రింగ్ బూట్‌తో బ్యాకెండ్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, రియాక్ట్‌తో ఫ్రంటెండ్. నలుగురి బ్యాచ్‌లో బ్యాకెండ్ రాసిన అభ్యర్థి రెజ్యూమేలో ఉన్న వాక్యం ఇదీ:

```
Managed backend and handled database for hostel outpass system.
```

దీన్ని తిరగరాయడానికి జ్ఞాపకం మీద ఆధారపడనవసరం లేదు. కోడ్ గిట్‌లో ఉంటే, ఆ అభ్యర్థి చేసిన మార్పులన్నీ తేదీ క్రమంలో అక్కడే ఉంటాయి. ప్రాజెక్టు ఫోల్డరులో ఈ కమాండ్ ఇస్తే చాలు (పేరు స్థానంలో కమిట్లలో వాడిన సొంత పేరు రాయాలి):

```
git log --author="your-name" --oneline
```

ప్రతి కమిట్ ఒక్కో వరుసగా కనిపిస్తుంది. కమిట్ సందేశాన్ని ‘యాడ్’, ‘ఫిక్స్’ వంటి ఆజ్ఞార్థక క్రియతో రాయమని గిట్ ప్రాజెక్టు తన సొంత నిబంధనల్లోనే అడుగుతుంది. ఆ అలవాటు ఉన్న అభ్యర్థికి రెజ్యూమే సగం రాసినట్టే, క్రియను భూతకాలంలోకి మారిస్తే సరిపోతుంది. విద్యార్థుల రిపాజిటరీల్లో ‘ఫైనల్’, ‘ఫైనల్ టూ’, ‘చేంజెస్’ అనే సందేశాలే ఎక్కువ అనుకోండి. అప్పుడు ఒక్కో కమిట్‌ను `git show` తో తెరిచి ఏ ఫైలు మారిందో చూడాల్సి వస్తుంది. కాస్త విసుగు పుట్టే పనే అయినా ఇంటర్వ్యూకు ఇంతకంటే మంచి పునశ్చరణ లేదు.

మన ఉదాహరణలో ఆ చరిత్ర వెతికితే మూడు పనులు బయటపడ్డాయనుకుందాం. మొదటిది టేబుళ్లు. మొదట్లో విద్యార్థి పేరు, గది నంబరు, తల్లిదండ్రుల ఫోను, ప్రయాణ తేదీ అన్నీ ఒకే టేబుల్‌లో ఉండేవి. గది మారిన ప్రతిసారీ పాత అభ్యర్థనలన్నింటిలోనూ మార్చాల్సి వచ్చేది. తర్వాత విద్యార్థులకు, వార్డెన్లకు, అభ్యర్థనలకు వేరు టేబుళ్లు చేసి కీలతో కలిపారు. ఈ పనికి హ్యాండిల్డ్ అన్నది చాలా పేలవమైన మాట. మొదటి నుంచి గీసుకుని ఉంటే డిజైన్డ్ అనాలి. ఉన్నదాన్ని విడగొట్టి పునరుక్తి తీసేశారు కాబట్టి నార్మలైజ్డ్ అన్నది ఇంకా ఖచ్చితం. ఆ మాట రాస్తే మూడో నార్మల్ ఫామ్ గురించి అడుగుతారు. చెప్పగలిగితేనే రాయాలి.

రెండో పని ఇంకా ఆసక్తికరం. ఒకే అభ్యర్థనను చీఫ్ వార్డెన్, అసిస్టెంట్ వార్డెన్ ఇద్దరూ తమ తమ ఫోన్లలో తెరిచారు. ఒకరు ఆమోదించారు, మరుక్షణంలో రెండోవారు తిరస్కరించారు. విద్యార్థికి ఆమోదం సందేశం వెళ్లింది, డేటాబేస్‌లో మాత్రం చివర రాసిన తిరస్కరణే మిగిలింది. గేటు దగ్గర గొడవ. దీనికి పరిష్కారం అప్‌డేట్ క్వెరీకి ఒక షరతు చేర్చడం:

```
UPDATE outpass SET status='APPROVED'
WHERE id=? AND status='PENDING';
```

అభ్యర్థన ఇంకా పెండింగ్‌లో ఉంటేనే ఇది పనిచేస్తుంది. తిరస్కరించే క్వెరీకి కూడా అదే షరతు పెట్టాలి. మారిన వరుసల సంఖ్య సున్నా వస్తే ఎవరో అప్పటికే నిర్ణయం తీసుకున్నారని అర్థం, రెండో వార్డెన్‌కు ఆ మాటే చూపిస్తారు. ఇక్కడ ఒకే సమస్యలో నాలుగు క్రియలు దాగి ఉన్నాయి. గొడవ ఎప్పుడు జరుగుతుందో రెండు బ్రౌజర్లు తెరిచి మళ్లీ జరిపించి చూడటం రీప్రొడ్యూస్డ్. కారణం కనిపెట్టడం డయాగ్నోజ్డ్. సరిచేయడం ఫిక్స్‌డ్. ఇక ముందు జరగకుండా చేయడం ప్రివెంటెడ్. ఫ్రెషర్లు ఈ నాలుగింటి బదులూ డీబగ్డ్ అని ఒక్క మాటతో సరిపెడతారు. డీబగ్గింగ్ ప్రతి ఒక్కరూ ప్రతిరోజూ చేసేదే, కాబట్టి ఆ మాటతో ప్రత్యేకంగా తెలిసేదేమీ లేదు. పైగా అది ప్రయత్నాన్ని చెబుతుందే గాని, బగ్ పోయిందో లేదో చెప్పదు.

మూడో పని వార్డెన్ పేజీ వేగం. ఒక హాస్టల్‌లో పెండింగ్ అభ్యర్థనలను తేదీ క్రమంలో చూపించే క్వెరీ నెమ్మదిగా ఉందని హాస్టల్, స్థితి, తేదీ కాలమ్‌ల మీద ఒక ఇండెక్స్ పెట్టారు. దీనికి ఆప్టిమైజ్డ్ అని రాస్తారు. ఫ్రెషర్ రెజ్యూమేల్లో సాక్ష్యం లేకుండా తరచు కనిపించే మాట ఇదే. ఆప్టిమైజ్ చేశానంటే ముందు కొలిచానని, తర్వాత కూడా కొలిచానని అర్థం. టేబుల్‌లో 200 వరుసలే ఉంటే ఇండెక్స్ ఉన్నా లేకపోయినా కంటికి తేడా కనిపించదు. అప్పుడు ఆ క్రియ వాడటం అబద్ధం కాకపోయినా అర్థం లేనిది. పరీక్ష కోసం 50,000 నకిలీ వరుసలు నింపి, క్వెరీ ముందు `EXPLAIN` చేర్చి చూడాలి. ఇండెక్స్ లేనప్పుడు మైఎస్‌క్యూఎల్ టైప్ అనే గడిలో `ALL` అని చూపిస్తుంది, అంటే టేబుల్ మొత్తం చదువుతోందని. ఇండెక్స్ పెట్టాక అక్కడ `ref` వస్తుంది, విడిగా క్రమబద్ధం చేస్తున్నానని చెప్పే `Using filesort` పోతుంది. ఈ రెండు తెరలూ చూసినవారు ఆప్టిమైజ్డ్ అనే పెద్ద మాట కూడా వదిలేసి రెడ్యూస్డ్ అనో, ఇంకా చిన్నగా కట్ అనో రాయగలరు. పక్కన అంకె ఉన్నప్పుడు క్రియ గట్టిగా అరవనక్కరలేదు. ఆ అభ్యర్థి కొలిచినప్పుడు 900 మిల్లీసెకన్లు 40కి తగ్గాయనుకుంటే, మొదటి వాక్యం స్థానంలో ఇవి వస్తాయి:

```
Normalized one wide table into students, wardens and outpass requests.
Prevented conflicting approvals with a conditional status update.
Cut the pending-list query from 900 ms to 40 ms on 50,000 test rows.
```

టెస్ట్ రోస్ అన్న రెండు మాటలు చివరి వాక్యంలో కావాలనే ఉంచారు. అవి లేకపోతే నిజంగా యాభై వేల మంది వాడిన వ్యవస్థ అని చదివేవారు అనుకుంటారు, ఆ భ్రమ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో పోతుంది. అంకెలు అభ్యర్థి యంత్రంలో కొలిచినవై ఉండాలి. ఈ ఉదాహరణలోవి మరొకరి రెజ్యూమేలోకి ఎత్తుకోవడానికి కావు.

ఈ పద్ధతిలో దొరికే క్రియలన్నీ ఒకే బరువువి కావు. బిల్ట్, ఇంప్లిమెంటెడ్, డెవలప్డ్ అనేవి కోడ్ నేనే రాశానని చెప్పే సాదా మాటలు. వాటిలో తప్పేమీ లేదు. సగం బుల్లెట్లకు అవే సరిపోతాయి. వీటిలో బిల్ట్ పొట్టిగా ఉంటుంది కాబట్టి నా ఓటు దానికే. ఇంటిగ్రేటెడ్ అంటే ఇంకెవరో చేసిన సేవను మన కోడ్‌కు కలిపామని, అంతవరకే. రేజర్‌పే టెస్ట్ మోడ్‌లో ఫీజు చెల్లింపు పెట్టినవారు ఇంటిగ్రేటెడ్ అనాలి, డెవలప్డ్ పేమెంట్ గేట్‌వే అనకూడదు. వాలిడేటెడ్ అంటే వచ్చిన డేటా సరైనదో కాదో సర్వర్ వైపు తనిఖీ చేశామని. ఫారమ్‌లో ఎర్ర గీత చూపించడం మాత్రమే చేసినవారికి ఆ మాట నప్పదు. డిప్లాయ్డ్ అంటే మన ల్యాప్‌టాప్ మూసేసినా ఇంకొకరు తెరవగలిగే చోట అది నడుస్తోందని. లోకల్‌హోస్ట్‌లో నడిచింది డిప్లాయ్‌మెంట్ కాదు. ఆటోమేటెడ్ అంటే మునుపు ఎవరో చేత్తో చేసేది ఇప్పుడు దానంతట అదే జరుగుతోందని. చేత్తో చేసినప్పుడు ఎంత సమయం పట్టేదో చెప్పగలగాలి.

రిఫాక్టర్డ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది ఇప్పుడు ఫ్యాషన్. మార్టిన్ ఫౌలర్ 1999లో ప్రచురించిన రిఫాక్టరింగ్ పుస్తకం ఈ మాటకు ఖచ్చితమైన హద్దు గీసింది. బయటికి కనిపించే ప్రవర్తన మారకుండా లోపలి నిర్మాణాన్ని మార్చడమే రిఫాక్టరింగ్. కొత్త ఫీచర్ చేరిస్తే అది కాదు, బగ్ సరిచేస్తే అదీ కాదు. ప్రవర్తన మారలేదని ఎలా తెలుసు అన్నది తర్వాతి ప్రశ్న, దానికి సాధారణంగా టెస్టులే జవాబు. టెస్టులు ఒక్కటీ లేని ప్రాజెక్టులో రిఫాక్టర్డ్ అని రాయడం అందుకే ఇబ్బందికరం. నిజానికి జరిగింది తిరగరాయడమే అయితే రీరోట్ అన్న మాట ఉంది, అది నిజాయితీగానూ ఉంది.

మరి నిజంగానే బ్యాచ్‌ను నడిపించినవారి సంగతేమిటి? నలుగురిలో ఒకరు పని పంచుతారు, గైడ్‌తో మాట్లాడతారు, చివరి వారం అందరినీ కూర్చోబెట్టి కోడ్ కలుపుతారు. దాన్ని వదిలేయాల్సిన పనిలేదు. ఇక్కడ కూడా అదే పద్ధతి పనిచేస్తుంది, ఏం మారిందో అడగాలి. పనిని చిన్న టాస్కులుగా విడగొట్టి ఉంటే ప్లాన్డ్. మిగతావారి పుల్ రిక్వెస్టులు చదివి వ్యాఖ్యలు రాసి ఉంటే రివ్యూడ్. ఇద్దరి కోడ్ ఢీకొన్నప్పుడు సర్దితే రిజాల్వ్డ్ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్స్. లెడ్ అన్న మాట కూడా చెల్లుతుంది, కానీ దాని పక్కన ఎంతమందో, ఎన్ని నెలలో ఉండాలి. ఇవి అధికారాన్ని చెప్పవు, పనిని చెబుతాయి. ఇరవై ఒక్కేళ్ల అభ్యర్థి నోట నమ్మదగినవి అవే.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, రెజ్యూమేను ముందుగా చూసేది మనిషి కాదు, ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్, దానికి క్రియల సూక్ష్మభేదాలతో పనేమిటని. ఏటీఎస్ రెజ్యూమేను విడగొట్టి భద్రపరుస్తుంది. రిక్రూటర్ అందులో వెతికేది జావా, స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్, రియాక్ట్ వంటి పేర్లను. మేనేజ్డ్ అని టైప్ చేసి ఫ్రెషర్లను వెతకరు, నార్మలైజ్డ్ అని కూడా వెతకరు. అంటే క్రియ మార్చినందువల్ల వడపోత దాటే అవకాశం పెరగదన్నది నిజమే, ఆ మేరకు అభ్యంతరం సరైనది. కానీ ఖచ్చితమైన క్రియ తన వెంట నామవాచకాన్ని లాక్కొస్తుంది. హ్యాండిల్డ్ తర్వాత డేటాబేస్ అని ఆగిపోవచ్చు, నార్మలైజ్డ్ తర్వాత ఏ టేబుళ్లో, ఇంటిగ్రేటెడ్ తర్వాత ఏ సేవో రాయక తప్పదు. వెతుకులాటకు అందేది ఆ పేరే. ఇక క్యాంపస్ డ్రైవ్‌లలో మొదటి వడపోత మార్కుల శాతం, ఆన్‌లైన్ పరీక్షలతోనే జరుగుతుంది. అక్కడ బుల్లెట్లు ఉపయోగపడేది టెక్నికల్ ఇంటర్వ్యూలో, ప్రశ్నలు ఎటు వెళ్లాలో నిర్ణయించడానికి.

రెండో అభ్యంతరం అంకెల గురించి. గూగుల్‌లో మానవ వనరుల విభాగాన్ని నడిపిన లాస్లో బాక్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: ఏం సాధించారో, దాన్ని ఏ కొలతతో చూపగలరో, ఎలా చేశారో మూడూ ఒకే వాక్యంలో చెప్పాలి. ఫ్రెషర్ దగ్గర ఆదాయం, వినియోగదారులు, లాభం లాంటి కొలతలు లేవు కదా అంటారు. లేవు. అందుకే చాలామంది నలభై శాతం మెరుగుపడిందని ఊహించి రాస్తారు. ఏది నలభై శాతం అని అడిగితే అక్కడితో సరి. ప్రాజెక్టులో దొరికే కొలతలు చిన్నవి, కానీ నిజమైనవి. ఎన్ని ఏపీఐ ఎండ్‌పాయింట్లు, ఎన్ని టెస్టులు, క్వెరీ ఎన్ని మిల్లీసెకన్లు, హాస్టల్‌లో ఎంతమంది ఎన్ని వారాలు వాడారు. అవి కూడా లేకపోతే అంకె లేకుండానే రాయవచ్చు. వార్డెన్ల ఉదాహరణలో రెండో వాక్యానికి అంకె లేదు, అయినా ఆ మూడింటిలో ఎక్కువ ప్రశ్నలు పుట్టించేది అదే.

మూడో మాట అభ్యంతరం కన్నా మినహాయింపు. మేనేజ్, హ్యాండిల్ అన్న రెండు పదాలకూ సాఫ్ట్‌వేర్‌లో సాంకేతిక అర్థాలు ఉన్నాయి. ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్, ఈవెంట్ హ్యాండ్లర్, మెమరీ మేనేజ్‌మెంట్, స్టేట్ మేనేజ్‌మెంట్ అనేవి పని పేర్లే, వాటిని మార్చకూడదు. మార్చితే వెతికే రిక్రూటర్‌కు దొరకవు, చదివే ఇంజినీర్‌కు వింతగా ఉంటాయి. అయితే ‘హ్యాండిల్డ్ ఎక్సెప్షన్స్’ దగ్గర ఆగకుండా, పట్టుకుని ఏం చేశారో చెప్పాలి. లాగ్ చేశారా, మళ్లీ ప్రయత్నించారా, వాడేవారికి అర్థమయ్యే సందేశంగా మార్చారా? ఖాళీ క్యాచ్ బ్లాక్ కూడా ఎక్సెప్షన్‌ను హ్యాండిల్ చేసినట్టే లెక్క, దాని సంగతి ఇంటర్వ్యూయర్‌కు తెలుసు.

ఏ క్రియా అతకని సందర్భం కూడా ఒకటి ఉంది. హైదరాబాద్ అమీర్‌పేట చుట్టుపక్కల ప్రాజెక్టు సెంటర్లలో కోడ్, రిపోర్టు, ప్రజెంటేషన్ సహా తయారుగా కొనుక్కునే ప్రాజెక్టులు అందరికీ తెలిసినవే. వాటికి బిల్ట్ అన్నది అబద్ధం. మేనేజ్డ్, హ్యాండిల్డ్ అన్న మాటల మసక ఇలాంటి రెజ్యూమేలకే బాగా అక్కరకొస్తుందన్నది నా అనుమానం. అలాంటి ప్రాజెక్టు చేతిలో ఉన్నవారు దాన్ని సొంత యంత్రంలో నడిపించి, ఏదో ఒక లోపం సరిచేసి, ఒక ఫీచర్ చేర్చి, ఆ రెండింటి వరకే ఫిక్స్‌డ్ అనీ ఎక్స్‌టెండెడ్ అనీ రాయవచ్చు. రెండు వారాల పని అది, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది కాదు.

పంపే ముందు చివరి తనిఖీగా ప్రతి బుల్లెట్‌లోని క్రియ మీద వేలు పెట్టి, ఆ పని జరిగిన ఫైలు పేరు చెప్పి చూడండి. చెప్పలేకపోతే ఆ వాక్యాన్ని తీసేయండి. మూడు గట్టి బుల్లెట్లున్న ప్రాజెక్టుకు నాలుగోది అవసరం లేదు.